ఫండస్ ఫోటో చదవడం - మూడో పాఠం: ఎర్ర చుక్కలు, పసుపు మచ్చలు

పోయిన పాఠంలో కుడికన్ను ఫండస్ ఫోటోలో, అంటే కంటి వెనక పొర రెటీనా ఫోటోలో, కంటి నరం బయల్దేరే గుండ్రటి చోటైన డిస్క్ కుడివైపు ఉంటుందని, అక్కడినుంచి ఎడమకు దాదాపు రెండున్నర డిస్కుల దూరంలో, కాస్త కిందుగా కనిపించే ముదురు చుక్కే, చూపు అన్నిటికంటే తేటగా ఉండే ఫోవియా అని చూశాం. ఇవాళ షుగర్ ఉన్నవాళ్ల ఫోటో ఒకటి తీసుకుందాం.

యాభై నాలుగేళ్ల టైలరమ్మ. షుగర్ వచ్చి ఏడేళ్లయింది. సూదిలో దారం ఎక్కడం లేదని దగ్గరి అద్దాల కోసం వచ్చింది. దూరపు చూపు 6/6. అద్దాలు రాసిచ్చి పంపేయొచ్చు కానీ, రెటీనా ఫోటో ఇంతవరకు ఒక్కసారీ తీయించుకోలేదు. చుక్కల మందు వేసి, కుడికన్ను 45 డిగ్రీల ఫోటో తీశాం.

ముందు ఎరుపు వెతకండి. రక్తనాళాలను వదిలేసి, వాటి మధ్య ఖాళీల్లో చూడండి. ఈ ఫోటోలో పెన్ను మొనతో పొడిచినట్టు గుండ్రటి ఎర్ర చుక్కలు తొమ్మిది దొరికాయి. ఇవి మైక్రో అన్యూరిజంలు, అంటే సన్నని కేశనాళిక గోడ బలహీనపడి బుడగలా ఉబ్బిన చోట్లు. డిస్క్ అంచు దగ్గర పెద్ద సిర ఎంత వెడల్పుందో చూడండి, ఇవి అంతకంటే చిన్నగా ఉంటాయి. వీటిలో ఏది ఉబ్బు, ఏది చిన్న రక్తపు చుక్క అని ఫోటో చూసి తేల్చడం చాలాసార్లు కుదరదు. దానికోసం కళ్లు నొప్పి పెట్టుకోకండి.

పైభాగంలో రెండు పెద్ద మచ్చలున్నాయి, అంచులు కాస్త అలుక్కుపోయాయి. అది రెటీనా లోపలి పొరల్లో కారిన రక్తం. రక్తం పైపొరలో, నరాల పోగుల మధ్య కారితే గుండ్రంగా నిలవదు. పోగుల వెంట సాగి, కుంచెతో గీసినట్టు మంట ఆకారంలో కనిపిస్తుంది. ఈవిడకు అలాంటివి లేవు. అనుమానం వస్తే స్క్రీన్ మీద ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే ఉంచి చూడండి. రక్తం నల్లగా తేలుతుంది, కొవ్వు మచ్చలు తెల్లగా మెరుస్తాయి.

ఇక పసుపు. ఫోవియాకు పైన, మైనపు బొట్లలా, అంచులు తేటగా ఉన్న మచ్చలు సగం చేతి గాజులా వంపు తిరిగి ఉన్నాయి. ఇవే హార్డ్ ఎక్సుడేట్లు. బోరు నీళ్లు ఆరిపోయాక స్టీలు గ్లాసు మీద తెల్ల చారలు మిగులుతాయి కదా, ఇదీ అంతే. నాళం నుంచి కారిన నీరు ఇంకిపోయి, దానితో వచ్చిన కొవ్వు మిగిలిపోయింది. గాజు మధ్యలో చూస్తే కారుతున్న ఎర్ర చుక్క సాధారణంగా దొరుకుతుంది. అంచులు చెదిరి, దూదిపింజలా తెల్లగా ఉన్నవి వేరు. అవి కొవ్వు కాదు, రక్తం అందక పోగులు ఉబ్బిన చోట్లు.

కొత్తలో నేనొకసారి మెరిసే మచ్చను ఎక్సుడేట్ అని రాసేసి పెద్ద డాక్టర్ చేత చీవాట్లు తిన్నాను. కెమెరా లెన్సు మీద దుమ్మది. రెండు కళ్ల ఫోటోల్లోనూ ఫ్రేములో అదే చోట ఉంటే కంటిని కాదు, లెన్సును అనుమానించండి.

ఇప్పుడు అసలు కొలత. ఒక కాగితం ముక్కను స్క్రీన్‌కు ఆనించి డిస్క్ వెడల్పు గుర్తు పెట్టుకోండి. ఆ ముక్కను ఫోవియా నుంచి దగ్గరి పసుపు మచ్చకు పెట్టండి. ఈవిడకు అర డిస్క్ దూరమే వచ్చింది. ఒక డిస్క్ లోపల పసుపు ఉంటే, ఫోవియా చుట్టూ ఉండే రెటీనా నడిభాగం మాక్యులాలో నీరు చేరిందేమోనని అనుమానించాలి. ఆ నీరు ఫోటోలో కనిపించదు. నీరు పారదర్శకం, ఫోటో బల్లపరుపు, కాబట్టి వాపు ఎంతో, రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపించే ఓసీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. చూపు 6/6 ఉందంటే నీరు ఇంకా నడిబొడ్డుకు చేరకపోయి ఉండొచ్చు. అందుకే "వచ్చే ఏడాది రండమ్మా" అనకుండా, కొద్ది వారాల్లోనే ఓసీటీకీ రెటీనా డాక్టర్ దగ్గరికీ పంపాం.

ఫోటోలో ఏమీ లేకపోతే ఏడాదికోసారి చాలు. టైప్ 2 వాళ్లకు మొదటి ఫోటో షుగర్ బయటపడిన వెంటనే తీయాలి, ఎందుకంటే అప్పటికే కొన్నేళ్లుగా తెలియకుండా ఉండి ఉండొచ్చు. టైప్ 1 అయితే మొదలైన ఐదేళ్లలోపు. షుగర్ ఉన్న ఆడవాళ్లు గర్భానికి ముందుగానీ మొదటి మూడు నెలల్లోగానీ తీయించుకోవాలి. గర్భంతోనే వచ్చిన షుగర్‌కు ఈ లెక్క వర్తించదు. నాలుగు భాగాల్లోనూ రక్తపు మచ్చలు దట్టంగా ఉంటే ఏడాది గడువు మరిచిపోండి, వెంటనే రెటీనా డాక్టర్‌కు చూపించాలి. శుక్లం వల్లో, పాప విచ్చుకోకో ఫోటో మసకగా వస్తే "నార్మల్" అని రాయకండి. "చదవలేం" అని రాసి డాక్టర్ దగ్గరికి పంపండి.

అభ్యాసం: ఎడమకన్ను ఫోటో, ఫోవియాకు రెండు డిస్కుల దూరంలో మూడు పసుపు బొట్లు, ఆరు ఎర్ర చుక్కలు, ఎడమ అంచున ఒక మంట మచ్చ. ఆ మచ్చ ముక్కువైపా, చెవివైపా? పసుపు ప్రమాద పరిధిలో ఉందా? జవాబుతో వచ్చే పాఠం మొదలుపెట్టి, కొత్తగా మొలిచే నాళాల దగ్గరికి వెళ్దాం.