నక్షత్రాల పేర్లు విప్పి చదవడం – 4వ పాఠం: చుక్క పేరులో జారిన చుక్క

చలికాలం సాయంత్రాల్లో తూర్పున ఒరాయన్ అనే నక్షత్ర మండలాన్ని గుర్తుపట్టడం కిందటి పాఠంలో చూశాం. అందులో ఎర్రగా వెలిగేది మన ఆర్ద్ర. ప్రపంచ పటాల్లో దాని పేరు బెటల్‌జ్యూస్. ఈ పేరు అరబ్బీదే, కానీ అరబ్బులు ఎన్నడూ ఇలా పలకలేదు.

రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ అనే ఖగోళ పండితుడు గ్రీకులో నక్షత్రాల పట్టిక రాశాడు. చాలా చుక్కలకు పేరు పెట్టకుండా, ఏ బొమ్మలో ఏ అవయవం మీద ఉన్నాయో చెప్పి ఊరుకున్నాడు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అది అరబ్బీలోకి వచ్చింది. 964 ప్రాంతంలో అల్ సూఫీ అనే ఖగోళ పండితుడు ఆ వర్ణనల పక్కనే అరబ్బుల సొంత పాత పేర్లను చేర్చాడు. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలేడోలో గెరార్డ్ టాలెమీ గ్రంథాన్ని అరబ్బీ నుంచి లాటిన్‌లోకి మార్చాడు. ఇలాంటి అనువాదాలతో, నక్షత్రాల స్థానాలు కొలిచే ఆస్ట్రోలేబుల మీద చెక్కిన పేర్లతో అరబ్బీ మాటలు యూరప్ చేరాయి.

ఇప్పుడు బెటల్‌జ్యూస్ సంగతి. అసలు పేరు ‘యద్ అల్ జౌజా’. యద్ అంటే చేయి. జౌజా అనేది ఆ చోట అరబ్బులు ఊహించుకున్న స్త్రీ. అరబ్బీలో మాట మొదట ‘య’, ‘బ’ ఒకే ఆకారంలో ఉంటాయి. కింద రెండు చుక్కలుంటే య, ఒక్కటే ఉంటే బ. లాటిన్‌లోకి ఎత్తి రాసేటప్పుడు ఎవరో రెండు చుక్కలను ఒకటిగా చదివారు. యద్ కాస్తా ‘బెద్’ అయింది.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. అర్థం లేని ఆ ‘బెద్’ను సరిదిద్దాలని తర్వాతి పండితులు చూసి, మూలంలో చంక అనే అర్థమున్న ‘ఇబ్త్’ ఉండి ఉంటుందని ఊహించారు. చుక్క భుజం దగ్గరే ఉంది కాబట్టి నమ్మేలాగే ఉంది. అందుకే ‘చంక’ అనే వివరణ ఇప్పటికీ తిరుగుతోంది. అది తప్పని తేల్చేది పాత అరబ్బీ గ్రంథాలు: వాటిలో ఈ చుక్కకు చేయి అనో, భుజం అనో ఉంటుంది తప్ప చంక అని లేదు. పేరు ఎంత చక్కగా అతికినా, మూలంలో కనబడితేనే ఒప్పుకోవాలి.

మరో రకం తప్పు, పేరు తెగిపోవడం. ‘రిజ్ల్ అల్ జౌజా’ అంటే జౌజా పాదం. జౌజా పోయి రైజెల్ మిగిలింది. ‘దనబ్ అల్ అసద్’ సింహం తోక. డెనెబోలాలో తోక నిలిచింది, సింహం దాదాపు చెరిగిపోయింది.

అన్నీ అవయవాల పేర్లు కావు. మన రోహిణి వాళ్ల అల్ దబరాన్, అంటే వెనకాల వచ్చేది. కృత్తికల వెనకే ఉదయిస్తుంది కాబట్టి ఆ పేరు. ఇది అరబ్బుల సొంత పేరు, టాలెమీది కాదు. సిరియస్ వంటివి గ్రీకు పేర్లు, వాటికి ఈ పద్ధతి వాడకండి.

అభ్యాసం: ఫోమల్‌హాట్‌ను విప్పండి. ఫమ్ అంటే నోరు, హూత్ అంటే చేప. ‘అల్’ ఎక్కడ దాక్కుందో చూసి, ఆ చుక్క టాలెమీ బొమ్మలో ఏ చోట ఉండాలో రాయండి.