చెట్టు, బంకమట్టి, ఇల్లు - 3వ పాఠం: పగులుకు ఏడాది లెక్క

గత రెండు పాఠాల్లో మట్టిని పరీక్షించాం. ఒకే తూకం పొడిమట్టిని ఒక కొలజాడీలో నీళ్లలో, మరో కొలజాడీలో కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచి, నీళ్లలోని మట్టి ఎంత ఎక్కువ పొంగిందో చూశాం. ఆ పొంగు 50 శాతం లోపే ఉంటే ఈ పాఠం మీ ఇంటికి పెద్దగా పట్టదు. విశాఖలో కొండవాలు ఎర్రమట్టి మీద కట్టిన ఇళ్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. ఖోండలైటు రాయి చివికి ఏర్పడిన ఆ మట్టి తడికి అంతగా పొంగదు, ఎండకు అంతగా కుంగదు. పల్లపు ప్రాంతాల్లో, చెరువులు పూడ్చి వేసిన లేఅవుట్లలో, నల్లటి బంకమట్టి మీద ఉన్న ఇళ్ల సంగతి వేరు. అక్కడ పునాది దగ్గరి వేపో రావో వేసవిలో మట్టిలోని తేమను పీల్చేస్తే మట్టి కుంచించుకుపోతుంది. దాని మీదున్న గోడమూల కిందికి దిగుతుంది.

గోడ మీద పగులు కనబడగానే అందరూ దాని వెడల్పు చూసి భయపడతారు లేదా ధైర్యపడతారు. వెడల్పు కంటే ముఖ్యమైనది దాని క్యాలెండర్. విశాఖలో వానలు జూన్‌లో మొదలై అక్టోబరులో ఉద్ధృతమవుతాయి. డిసెంబరు నుంచి మే దాకా వాన తక్కువ. అందువల్ల చెట్టు వల్ల వచ్చే పగులు మే చివర అతి వెడల్పుగా, అక్టోబరు, నవంబరుల్లో అతి సన్నగా ఉంటుంది. వేరే కారణంతో వచ్చిన పగులు చాలావరకు ఈ క్యాలెండరును పాటించదు. కనుక కనీసం ఒక ఏడాది కొలవాలి. అంతకు ముందు ఏ తీర్పూ చెప్పకూడదు.

కొలత ఇలా మొదలుపెట్టండి. పగులుకు అటూ ఇటూ, దానికి అడ్డంగా, సుమారు 60 మిల్లీమీటర్ల దూరంలో రెండు స్క్రూలు బిగించండి. గోడకు రంధ్రం చేసి ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి, అందులోకి ఎక్కించాలి. స్క్రూలు ఇత్తడివి లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. మామూలు ఇనుము సముద్రపు గాలికి తుప్పు పట్టి, ఆ పొర కూడా కొలతలో కలిసిపోతుంది. స్క్రూ తలల బయటి అంచుల మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో మూడుసార్లు కొలిచి, మధ్య విలువను రాసుకోండి. ఇలాంటి జత పగులు పైభాగంలో ఒకటి, కిందిభాగంలో ఒకటి ఉండాలి. పగులు లేని గోడమీద మూడో జత కూడా పెట్టండి. చాలామంది దీన్ని అనవసరం అనుకుని వదిలేస్తారు. కానీ మిగతా కొలతలను నమ్మవచ్చో లేదో చెప్పేది ఇదే. ఆ జత కొలత మారుతోందంటే, గోడ వేడికి సాగుతోంది లేదా మీ చేయి నిలకడగా లేదన్నమాట.

నెలకోసారి, ఎప్పుడూ ఉదయం ఎండ గోడ మీద పడకముందే కొలవండి.

పాఠం కోసం ఒక ఇల్లు ఊహించుకుందాం. అరవై ఏళ్ల నాటి ఇటుక గోడల ఇల్లు. స్తంభాలు లేవు, బరువంతా గోడల మీదే. ఈశాన్య మూలకు 4 మీటర్ల దూరంలో 9 మీటర్ల ఎత్తున్న వేపచెట్టు. కిటికీ పైమూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులు. పైజత కొలతలు ఇవి: నవంబరులో 60.2, జనవరిలో 60.4, మార్చిలో 61.3, మే చివర 62.6, ఆగస్టులో 61.9, మళ్లీ నవంబరులో 60.3 మిల్లీమీటర్లు. కిందిజత నవంబరు నుంచి మే దాకా 0.6 మాత్రమే పెరిగి మళ్లీ తగ్గింది. పగులు లేని చోటి జత 0.1కి మించి కదల్లేదు.

పైన 2.4, కింద 0.6. అంటే పగులు కింద సన్నగా, పైన వెడల్పుగా తెరుచుకుంది. గోడమూల చెట్టు వైపు ఒరిగి దిగినప్పుడు ఇలాగే అవుతుంది. గోడ మధ్యభాగం కుంగితే కిందివైపు ఎక్కువ తెరుచుకుంటుంది.

ఇప్పుడు లెక్క. రెండు జతల మధ్య ఎత్తు 2 మీటర్లు. ఆ ఎత్తులో వచ్చిన తేడా 1.8 మిల్లీమీటర్లు. పగులు నుంచి ఇంటి మూల దాకా గోడ పొడవు 3 మీటర్లు. ఆ గోడముక్క విరగకుండా ఒకే పలకలా ఒరిగిందనుకుంటే:

```
మూల దిగిన లోతు = 1.8 × 3000 / 2000 = 2.7 మి.మీ.
```

దీన్ని సరిచూసుకోవడానికి మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం చాలు. నవంబరులో ఇంటి నాలుగు మూలల ప్లింత్ మీద ఒకే మట్టానికి గీతలు గీసి, మేలో మళ్లీ చూడాలి. గొట్టంలో గాలిబుడగ ఒక్కటి ఉన్నా కొలత తప్పుతుంది. బుడగ లేకపోయినా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ తేడా ఉంటుంది. మన ఇంట్లో నైరుతి మూలతో పోలిస్తే ఈశాన్య మూల 3 మిల్లీమీటర్లు దిగింది. చెట్టుకు దూరంగా ఉన్న వాయవ్య మూల దిగలేదు. ఈ చివరి కొలత చాలా విలువైనది. చెట్టు లేకపోయినా వేసవిలో నేల ఎండుతుంది కదా అన్న అనుమానానికి ఇదే జవాబు. ఎండ ఒక్కటే కారణమైతే, అలాంటి మట్టిమీదే ఉన్న ఆ వాయవ్య మూల కూడా ఎంతో కొంత దిగాలి.

తికమకపెట్టే పగుళ్లు కొన్ని ఉన్నాయి. డాబా శ్లాబు కింద అడ్డంగా వచ్చే పగులు కూడా వేసవిలోనే తెరుచుకుంటుంది, ఎందుకంటే ఎండకు శ్లాబు సాగుతుంది. మేలో ఒకరోజు ఉదయం ఏడుకు, మధ్యాహ్నం మూడుకు కొలవండి. ఒక్కరోజులోనే స్పష్టమైన తేడా వస్తే అది శ్లాబు పని. నేలలోని తేమ గంటల్లో మారదు. స్తంభం వెంట నిలువుగా, గోధుమరంగు మరకతో ఉన్నది లోపలి కడ్డీ తుప్పు. అది ఏ కాలంలోనూ మూసుకోదు. తీరంలోని ఇళ్లకు ఇది మామూలే, చెట్టుకు దీనితో సంబంధం లేదు. వానల్లో పెరిగి, తర్వాత కూడా అలాగే ఉండిపోతే మురుగుకాలువ లేదా పైపు కారుతోందేమో ముందు వెతకండి.

కొలతలు సాగుతుండగా పగులును సిమెంటుతో పూడ్చకండి. ముఖ్యంగా మేలో పూడ్చవద్దు. "అండీ, ఇప్పుడే నింపేస్తే సరిపోతుంది" అని మేస్త్రీ అంటాడు. పగులు బాగా తెరుచుకున్నప్పుడు గట్టి సిమెంటు నింపితే, అక్టోబరులో మట్టి ఉబ్బి గోడమూల పైకి లేచినప్పుడు పగులు మూసుకోవడానికి చోటుండదు. ఆ ఒత్తిడికి పక్కనే కొత్త పగులు పుడుతుంది. వాన లోపలికి రాకుండా మెత్తటి సీలెంటు పెట్టుకోవచ్చు, స్క్రూల మధ్య భాగాన్ని మాత్రం వదిలేయండి.

మన ఊహా ఇంట్లో పగులు ఏడాది తిరిగేసరికి 0.1 తేడాతో మొదటికొచ్చింది. ఆ తేడా కొలతలో వచ్చే పొరపాటు పరిధిలోదే. అంటే ఇది కాలంతోపాటు వచ్చిపోయే కదలిక. రెండో ఏడాది నవంబరు కొలత 61 దాటితే అర్థం మారుతుంది. చెట్టు తాగిన తేమను వానలు పూర్తిగా తిరిగి నింపలేకపోతున్నాయన్నమాట.

కొలతలు చూడగానే చెట్టును కొట్టేయాలనిపించడం సహజం. ఆగండి. చెట్టు పోతే తాగేవాళ్లు లేని ఆ మట్టి కొన్నేళ్లపాటు తేమ పట్టి ఉబ్బుతుంది. దిగిన మూల తన పాత మట్టం దాటి పైకి లేవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖలో లెక్కలేనన్ని చెట్లు ఒక్కరోజులో కూలాయి. అప్పుడు మీ ఇంటి పక్కన పెద్ద చెట్టు పడిపోయి ఉంటే, నేల బంకమట్టి అయితే, ఆ తర్వాతి ఏళ్లలో గచ్చు మధ్యలో ఉబ్బిందా, తలుపులు పట్టేశాయా అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి మీ కొలతల పుస్తకంలో రాసుకోండి.

వచ్చే పాఠం: చెట్టును ఉంచాలా, కొమ్మలు తగ్గించాలా, వేళ్లకు అడ్డుగోడ కట్టాలా. అప్పటికి స్క్రూలు బిగించి, మొదటి కొలత తేదీతో సహా రాసి ఉంచండి.