చుండ్రుకు టీ ట్రీ ఆయిల్: నాకు పనిచేసిన పాళ్లు

చుండ్రుకు టీ ట్రీ ఆయిల్ వాడాలా, యాపిల్ సైడర్ వెనిగర్ వాడాలా అంటే నేను టీ ట్రీ ఆయిల్‌నే ఎంచుకున్నాను. 2002లో వెలువడిన ఒక పరీక్షలో 5 శాతం టీ ట్రీ షాంపూ వాడినవాళ్లకు నాలుగు వారాల్లో చుండ్రు 41 శాతం తగ్గింది, నూనె లేని షాంపూతో 11 శాతమే. యాపిల్ సైడర్ వెనిగర్‌కు అలాంటి గట్టి ఆధారం లేదు. పైగా నేరుగా రాస్తే చర్మం కాలిన సందర్భాలున్నాయి, అందుకే పక్కన పెట్టాను.

95 మి.లీ. షాంపూలో 5 మి.లీ. నూనె కలిపాను. నీళ్లలో వేస్తే అది కలవదు, పైన తేలి చిక్కగా మాడుకు తగులుతుంది. ముందు మోచేతి మడతలో రాసి కడిగి, రెండు రోజులు చూశాను. ఎర్రబడలేదు, దురద రాలేదు. ఆ తర్వాతే తలకు పట్టించి, మూడు నిమిషాలుంచి కడిగేదాన్ని. వాసన ఘాటే గానీ పొట్టు రాలడం బాగా తగ్గింది.

పాత సీసా మాత్రం వాడొద్దు. గాలి తగిలి ఆక్సీకరణ చెందిన నూనెతో అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ. మంట మొదలైతే వెంటనే కడిగి ఆపేయండి.