చెల్లాచెదురు ఎకో రిపోర్టును ఒక్క పట్టికలోకి ఎలా తేవాలి?

మా పెద్దమ్మది దేవరకొండ పక్కన పల్లె. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల ఆమె గుండెలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ ఇరుకైంది. నల్లగొండలో ఒకసారి, హైదరాబాద్‌లో ఒకసారి టూడీ ఎకో తీయించాం. "పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది?" అని డాక్టరు అడిగితే సంచిలోంచి కాగితాలన్నీ తీసి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రాత్రే పట్టిక మొదలుపెట్టాను. నల్లగొండ రిపోర్టులో రెండు పేజీల్లో అక్కడక్కడా ఉన్న లైన్లు ఇవి:

```
LA 46 mm, AO 28 mm
LVIDd 4.8 cm, LVIDs 2.3 cm
MVA 1.4 cm2 by planimetry, 1.6 cm2 by PHT
Mean gradient 7 mmHg, HR 84
AV normal. Mild MR, mild TR
Impression: Severe MS, LVEF 62%
```

ముందు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే దించుకోండి. ఒకే కాగితం మీద ఎడమ కర్ణిక మిల్లీమీటర్లలో, ఎడమ జఠరిక సెంటీమీటర్లలో ఉండటం మామూలే. దించుకున్నాకే పొడవు కొలతలన్నీ మిల్లీమీటర్లలోకి మార్చండి. ప్రతి అంకె పక్కన దాన్ని ఎలా కొలిచారో రాసే గడి తప్పకుండా ఉండాలి.

| కొలత | విలువ | ఎలా కొలిచారు |
|---|---|---|
| ఎడమ కర్ణిక | 46 మి.మీ. | రాయలేదు |
| బృహద్ధమని | 28 మి.మీ. | రాయలేదు |
| ఎడమ జఠరిక, నిండినప్పుడు | 48 మి.మీ. | రాయలేదు |
| ఎడమ జఠరిక, ముడుచుకున్నప్పుడు | 23 మి.మీ. ? | రాయలేదు |
| మైట్రల్ వాల్వ్ వైశాల్యం | 1.4 చ.సెం.మీ. | బొమ్మ మీద గీసి |
| మైట్రల్ వాల్వ్ వైశాల్యం | 1.6 చ.సెం.మీ. | డాప్లర్ ప్రెషర్ హాఫ్ టైమ్‌తో |
| మైట్రల్ సగటు గ్రేడియంట్ | 7, నాడి 84 | డాప్లర్ |
| మైట్రల్, ట్రైకస్పిడ్ లీకు | రెండూ స్వల్పం | రాయలేదు |
| అయోర్టిక్ వాల్వ్ | నార్మల్ | రాయలేదు |
| పల్మనరీ వాల్వ్ | రాయలేదు | – |
| పంపింగ్, అంటే ఈఎఫ్ | 62% | రాయలేదు |

పల్మనరీ వాల్వ్ గడి చూడండి. రిపోర్టులో దాని మాటే లేదు కాబట్టి "రాయలేదు" అన్నాను. "నార్మల్" అని నింపితే చూడని వాల్వ్‌ను చూసినట్టు అవుతుంది.

ఇప్పుడు 23 పక్కన ఉన్న ప్రశ్నార్థకం సంగతి. జఠరిక రెండు కొలతలనుంచే పంపింగ్ లెక్కగట్టే పాత సూత్రం ఒకటుంది, టైకోల్జ్ సూత్రం అంటారు. D అంటే జఠరిక కొలత, అది సెంటీమీటర్లలో ఉండాలి. V అంటే జఠరికలో పట్టే రక్తం, మిల్లీలీటర్లలో వస్తుంది.

```
V = 7 / (2.4 + D) × D³
EF = (Vd − Vs) / Vd × 100
```

నిండినప్పుడు 4.8 వేస్తే సుమారు 107.5 మిల్లీలీటర్లు. ముడుచుకున్నప్పుడు 2.3 వేస్తే 18.1. పంపింగ్ 83 శాతం వస్తోంది, రిపోర్టులో మాత్రం 62. అంకెలు తారుమారయ్యాయేమోనని 3.2 వేసి చూశాను. 41 మిల్లీలీటర్లు, పంపింగ్ సరిగ్గా 62. టైపింగులో 32 కాస్తా 23 అయిందని గట్టి అనుమానం వచ్చింది. అయినా పట్టికలో నేను దిద్దలేదు. ప్రశ్నార్థకం పెట్టి, ఎకో తీసిన చోటికే వెళ్లి అడిగాను. దాచి ఉంచిన బొమ్మ మీద 3.2 అనే ఉంది. సరిచేసి, డాక్టరు సంతకంతో కొత్త రిపోర్టు ఇచ్చారు. అప్పుడే నా గడిలో 32 రాశాను.

ఈ లెక్క అందరికీ పనికిరాదు. గుండెపోటు వచ్చి జఠరిక గోడలో ఒక భాగం సరిగా కదలనివాళ్లలో ఈ సూత్రం తప్పు చెబుతుంది. వాళ్లకు బొమ్మ మీద జఠరిక అంచు గీసి లెక్కగట్టే సింప్సన్ పద్ధతిలో కొలిచిన అంకె కావాలి. ఆ రిపోర్టులో పద్ధతి పేరు లేకపోతే, అడిగి రాయించుకోండి.

"పంపింగ్ అరవై రెండున్నది బిడ్డా, ఇంకేం భయం?" అంది పెద్దమ్మ. ఇంట్లో అందరం ఆ ఒక్క అంకెనే చూస్తున్నాం. మైట్రల్ వాల్వ్ ఇరుకైనప్పుడు ఇబ్బంది జఠరికకు ముందే ఉంటుంది. రక్తం కర్ణికలోనే ఆగిపోతుంటే పంపింగ్ నార్మల్‌గానే కనిపించొచ్చు. ఆమె విషయంలో చూడాల్సింది వాల్వ్ వైశాల్యం, 46కి పెరిగిన ఎడమ కర్ణిక. వైశాల్యం 1.5 చదరపు సెంటీమీటర్లు, అంతకు తక్కువైతే తీవ్రమైన ఇరుకు కింద లెక్క. ఆమెకు ఒక పద్ధతిలో 1.4, ఇంకో పద్ధతిలో 1.6 వచ్చాయి. సగటు తీసి 1.5 అని రాస్తే, ఎవరూ కొలవని అంకె పట్టికలోకి వస్తుంది. అందుకే రెండు వరసలూ విడిగా ఉంచాను.

రెండో తేదీని ఇంకో నిలువు గడిగా చేర్చేటప్పుడు ఒకే పద్ధతిలో కొలిచినవే పక్కపక్కన పెట్టండి. కర్ణికలో ఒకటి రెండు మిల్లీమీటర్లు, పంపింగులో నాలుగైదు శాతం తేడా కొలిచే చేయి మారినా వస్తుంది.

హైదరాబాద్ రిపోర్టులో సగటు గ్రేడియంట్, అంటే వాల్వ్‌కు అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా, 11 అని ఉంది. 7 నుంచి 11 అనేసరికి గుండె ఝల్లుమంది. దాని పక్కన నాడి గడిలో 108 ఉంది, బొమ్మ మీద గీసిన వైశాల్యం మాత్రం అదే 1.4. డాక్టరు ఆ మూడు గడులూ కలిపి చూసి, వాల్వ్ ఇంకా ఇరుకైనట్టు లేదని, నాడి వేగంగా కొట్టుకోవడం వల్లే గ్రేడియంట్ పెరిగిందని చెప్పి, నాడి తగ్గించే మాత్ర మోతాదు మార్చారు.