కారు ధర కన్నా లోన్ బాకీ ఎక్కువగా ఉంటే ఎలా బయటపడాలి?

మా బావమరిది రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో కారు కొన్నాడు. షోరూమ్ ధర 10 లక్షలు. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి రోడ్డెక్కేసరికి 12 లక్షలైంది. చేతి డబ్బు లక్షే పెట్టి, మిగతా 11 లక్షలకు 10 శాతం వడ్డీతో 7 ఏళ్ల లోన్ తీసుకున్నాడు. ఈఎంఐ 18,261 రూపాయలు.

ఈ మధ్య ఊరు మారాల్సి వచ్చి కారు అమ్ముదామంటే, బయట 7 లక్షల 20 వేలకు మించి ఎవరూ అడగలేదు. బ్యాంకు బాకీ చూస్తే 8 లక్షల 59 వేలు. రెండేళ్లలో అతను కట్టింది 4 లక్షల 38 వేలు. అందులో దాదాపు 1 లక్షా 98 వేలు వడ్డీకే పోయాయి. పైగా ట్యాక్స్, ఇన్సూరెన్స్‌కు పోసిన 2 లక్షలను కొనేవాడు లెక్కలోకి తీసుకోడు కదా. పెద్ద లోన్, పొడుగు గడువు, తక్కువ డౌన్ పేమెంట్ కలిస్తే ఎవరికైనా ఇదే పరిస్థితి.

మొదట లోటు ఎంతో తేల్చుకోండి

యాప్‌లో కనిపించే బాకీని నమ్ముకోకండి. బ్యాంకును ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడగండి. ముందుగా లోన్ మూసేస్తే పడే చార్జీ అందులో ఉంటుంది. స్థిర వడ్డీ కారు లోన్ల మీద ఈ చార్జీ సాధారణమే. మావాడి ఒప్పందంలో అది 3 శాతం, దానిపై జీఎస్టీ 18 శాతం. అలా ఇంకో 30 వేలు చేరాయి. తర్వాత కారును కనీసం ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులకు చూపించి, చేతికొచ్చే ధర రాయించుకోండి. మావాడి లోటు 1 లక్షా 70 వేలని అప్పుడే తేలింది.

కారు ఉంచుకోగలిగితే

అమ్మే అవసరం లేకపోతే లోటు చూసి కంగారు పడక్కర్లేదు. ఈఎంఐలు కట్టేకొద్దీ అదే తగ్గుతుంది. త్వరగా తగ్గాలంటే పార్ట్ పేమెంట్ చేయండి, ఒప్పందంలో దానికేమైనా చార్జీ ఉందేమో చూసుకుని. కట్టేటప్పుడు ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. మావాడు ఇప్పుడు లక్ష కడితే దాదాపు 9 నెలలు ముందే లోన్ తీరిపోతుంది.

ఈలోగా ఒక ప్రమాదం ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. బండి దొంగతనానికి గురైనా, బాగు చేయలేనంతగా పాడైనా ఇన్సూరెన్స్ ఇచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ వరకే. దాన్ని షోరూమ్ ధర మీద లెక్కిస్తారు. రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు బండికి 30 శాతం తరుగు. అంటే 10 లక్షల కారుకు దాదాపు 7 లక్షలు. ఆ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. లేని కారుకు ఇంకా లక్షన్నర పైనే బాకీ మిగులుతుంది! పాలసీ రెన్యువల్ చేసేటప్పుడు తరుగు తీయకుండా బిల్లు ధర ఇచ్చే ‘రిటర్న్ టు ఇన్‌వాయిస్’ కవర్ ఉందా అని అడగండి. బండి వయసు పెరిగితే ఇది ఇవ్వరు కాబట్టి ఆలస్యం చేయకండి.

అమ్మక తప్పకపోతే

లోటు సొమ్ము మీరే సమకూర్చుకోవాలి. పాత బాకీని కొత్త కారు లోన్‌లో కలిపేస్తామంటే ఒప్పుకోవద్దు. కొత్త బండి మొదటి రోజు నుంచే అంతకన్నా పెద్ద లోటులో ఉంటుంది. కారు తీసుకెళ్లి బ్యాంకుకు అప్పగించినా లోటు పోదు. వేలంలో తక్కువకు పోతే ఆ తేడా మీ దగ్గరే వసూలు చేస్తారు, సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది.

మావాడికి ఒకాయన ఇలా చెప్పాడు: “లక్ష చేతికిస్తా అన్నా, మిగతా ఈఎంఐలు నేనే కట్టుకుంటా, స్టాంప్ పేపర్ మీద రాసుకుందాం.” దయచేసి ఈ పని చేయకండి. అతను కట్టడం మానేస్తే నోటీసు మీకే వస్తుంది. ఆర్సీలో పేరు ఎవరిది ఉంటే ప్రమాద నష్టపరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

సరైన దారి ఇది. కొనేవాళ్లు 7 లక్షల 20 వేలను నేరుగా మీ లోన్ ఖాతాకు కట్టాలి, అదే రోజు లోటు మీరు కట్టాలి. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, సంతకాలతో ఫారం 35 తీసుకోండి. ఎన్‌ఓసీకి గడువుంటుంది, దాని మీది తేదీ చూసుకోండి. వాటితో ఆర్టీఓలో హైపోథికేషన్, అంటే ఆర్సీ మీద బ్యాంకుకున్న హక్కు తీయించి, ఫారం 29, 30తో ఆర్సీ బదిలీ చేయించండి. కొనుగోలుదారు పేరుతో ఆర్సీ మారిందని పరివాహన్ సైట్‌లో కనిపించేదాకా కాగితాల నకళ్లు దగ్గరే ఉంచుకోండి.