సంబోధన ఒక్కటే వచ్చిన ఉత్తరాన్ని ఎలా దిద్దాలి?

తిరుపతిలో చాలా ఏళ్లుగా అందరి అర్జీలూ దిద్ది పెడుతున్నాను. మొన్న ఒకాయన వాట్సాప్‌లో "అన్నా, ఈ లెటర్ కొంచెం కరెక్ట్ చేసి పెట్టన్నా" అని పంపాడు. దాని కింద ఉన్నది ఒకే వరుస:

గౌరవనియులైన చిత్తూరు జిల్లా కలెక్టర్ గారుకి,

ముందు "మొదటి వరుసే వచ్చింది, మిగతాది ఫోటో తీసి పంపండి" అని చెప్పండి. కొందరి ఫోన్లలో వాట్సాప్ సెట్టింగుల్లో `Enter is send` ఆన్‌లో ఉంటుంది. కింది వరుసకు పోదామని ఎంటర్ నొక్కగానే రాసినంతవరకు వెళ్లిపోతుంది. కాగితం ఉంటే ఫోటోనే మేలు. టైపు చేయించుకుంటే కొత్త తప్పులు చేరతాయి.

వచ్చిన వరుసను దిద్దడానికి రెండు నిమిషాలు చాలు. 'నియులైన' కాదు, 'నీ'కి దీర్ఘం ఉండాలి: గౌరవనీయులైన. 'గారు'కి 'కి' చేరితే 'గారికి' అవుతుంది. చివర కామా చాలు, ఆశ్చర్యార్థకం పెట్టకండి.

అసలు చిక్కు ఇక్కడే. చేయి ఊరుకోదు, మిగతా ఉత్తరం కూడా మనమే రాసేస్తాం. కలెక్టర్‌కు అంటే పొలం గొడవేలే అనుకుని నేనూ ఒకసారి ఒకామెకు పట్టాదారు పాస్‌బుక్ గురించి పేజీ నిండా రాసి పంపాను. ఆమెకు కావలసింది వితంతు పింఛను. నా అర్జీనే ప్రింటు తీయించి సంతకం పెట్టబోతుంటే పక్కింటి పిల్లవాడు చదివి ఆపాడు. కొన్ని డీటీపీ షాపుల్లో మాదిరి అర్జీ ఒకటి పెట్టుకుని, పేరు మార్చి అందరికీ అదే అతికిస్తారు. దాన్ని దిద్దడం అనరు.

సంబోధనను బట్టి ఉత్తరం ఎవరికో తెలుస్తుంది. రాసేదెవరో, ఎందుకో తెలియదు. 'గారికి' ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే కాబట్టి, తర్వాత 'అయ్యా' రాయాలో 'అమ్మా' రాయాలో కూడా చెప్పలేం. అడిగి తెలుసుకోవాలి.

అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నా వరుస తప్పు కావచ్చు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. పాత అర్జీ చూసి రాసేవాళ్లు ఇప్పటికీ చిత్తూరు కలెక్టర్‌కే రాస్తుంటారు. కాబట్టి దిద్దిన వరుసను తిరిగి పంపేటప్పుడు "మీది ఏ ఊరు, ఏ మండలం?" అని తప్పకుండా అడగండి. చిత్తూరును మీ అంతట మీరే మార్చకండి. పలమనేరు మనిషైతే చిత్తూరే సరైనది.

మొన్నటాయన సాయంత్రానికి ఫోటో పంపాడు. వీధిలో డ్రైనేజీ నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయని అర్జీ. ఊరు చంద్రగిరి. చిత్తూరు తీసేసి తిరుపతి పెట్టాం.