కంప్లైంట్ పాఠాలు – 4: చాట్ మూసేశాక ఎక్కడికి వెళ్లాలి

పోయిన పాఠంలో కంపెనీ కస్టమర్ కేర్ చాట్‌లో ఫిర్యాదుకి టికెట్ నంబరు అడిగి తీసుకోమన్నాను, జరిగిన సంభాషణంతా స్క్రీన్‌షాట్ తీసి దాచమన్నాను. దాచారు, కాదనను. కానీ మీరు పంపినవి తెరిచి చూస్తే సగానికి పైగా పనికిరానివే. అందుకని కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ గురించి మొదలుపెట్టే ముందు వీటి సంగతి తేల్చేద్దాం.

మొదటి తప్పు, కత్తిరించడం. కంపెనీవాడు "రీఫండ్ వచ్చేస్తుంది" అన్న ఒక్క ముక్క ఉంచి పైనా కిందా కోసేశారు. అతను ఏ ఆర్డర్ గురించి అన్నాడు, మీరు ఏం అడిగితే అన్నాడు, ఆ రోజు తేదీ ఎంత, ఏదీ లేదు. అది మీ ఫ్రిజ్ గురించా పక్కింటివాళ్ల కుక్కర్ గురించా అని అవతలి లాయరు అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. స్క్రీన్ మొత్తం ఉంచండి, పైన టైము, బ్యాటరీ కనిపించే పట్టీతో సహా. మీ ప్రశ్నా వాడి జవాబూ ఒకే బొమ్మలో పడాలి. తరవాతి బొమ్మ ముందుదాని చివరి రెండు లైన్లతో మొదలవ్వాలి, అప్పుడే మధ్యలో ఏమీ తీసెయ్యలేదని తెలుస్తుంది.

రెండోది అంతకంటే చిన్నది, ఎవరికీ కనపడనిది. చాలా యాప్‌లలో నిన్నటి మాటల మీద తేదీ ఉండదు, `Yesterday` అని ఉంటుంది. ఆరు నెలలు పోయాక ఆ బొమ్మ చూస్తే ఏ రోజుకి నిన్న? అలా ఉంటే రెండు మూడు రోజులు ఆగి మళ్లీ ఒకసారి తీయండి, అప్పటికి అసలు తేదీ పడుతుంది. చాట్ ముగియగానే మాయమయ్యే యాప్ అయితే ఆగడానికి వీల్లేదు. అక్కడ స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, ముందు ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి చూపించి, తరవాత చాట్‌ని పైనుంచి కిందకి నెమ్మదిగా జరపండి.

ఇక మూడోది, నాకు ఒళ్లు మండేది. తీసిన స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో ఇంట్లోవాళ్ల గ్రూపుకి పంపి, "అందులో ఉన్నాయి కదా" అని ఫోన్‌లోవి చెరిపేస్తున్నారు. స్టోరేజ్ నిండిపోతోందట! ఆండ్రాయిడ్ ఫోన్ స్క్రీన్‌షాట్ తీసినప్పుడు చాలావాటిలో ఫైలు పేరు ఇలా ఉంటుంది:

```
Screenshot_20250605-161204.png
```

అంటే 2025 జూన్ 5, సాయంత్రం 4 గంటల 12 నిమిషాలు. తేదీ, టైము పేరులోనే ఉన్నాయి. అదే బొమ్మని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవతలి ఫోన్‌లో ఇలా దిగుతుంది:

```
IMG-20250709-WA0013.jpg
```

ఇది జూలై 9 అంటోంది. ఆ రోజు చాట్ జరగలేదు, బొమ్మ ఆ ఫోన్‌కి చేరింది. జూన్‌లో అన్న మాటకి జూలై రుజువు తయారైంది. పైగా వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి, ఫైలు లోపల ఉండే వివరాలూ పోతాయి. పంపక తప్పకపోతే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, పేరు మారదు. ఇంకా మంచిది మీ మెయిల్‌కి మీరే పంపుకోవడం. ఎన్ని చోట్ల దాచినా, తీసిన ఫోన్‌లో అసలు ఫైలు మాత్రం కేసు తేలేదాకా ఉండాలి. ఎలక్ట్రానిక్ రికార్డు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడగొచ్చు, ఏ ఫోన్‌లోంచి వచ్చిందో అందులో రాయాలి. ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి ఉంటే ఏం రాస్తారు?

సరే, ఇప్పుడు పాఠం. నరసన్నపేట నుంచి ఒకావిడ పంపిన కేసు తీసుకుందాం, ఆవిడ ఒప్పుకున్నారు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆన్‌లైన్‌లో 24,500 రూపాయల ఫ్రిజ్. జూన్ 3న వచ్చింది, రెండు రోజులైనా చల్లబడలేదు. 5న చాట్. 9న టెక్నీషియన్ వచ్చి వెనక్కి తిప్పి చూసి, కంప్రెసర్ పోయిందమ్మా, మార్చాల్సిందే అన్నాడు. పోతూ పోతూ "మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పండి" అన్నాడు, ఆవిడ చెప్పారు. 16న చాట్ తెరిస్తే టికెట్ మీద `Resolved` అని ఉంది.

ఆ ఓటీపీ ఎందుకో ఆవిడకి తెలీదు. మీలో చాలామందికీ తెలీదు. పని పూర్తయిందని కస్టమర్ ఒప్పుకున్నట్టు కంపెనీ రికార్డులో పడటానికే అది. పని కాకపోతే చెప్పకండి. "మా ఆఫీసులో ఊరుకోరు మేడమ్" అంటాడు, పాపం వాడి బాధ వాడిది, అయినా చెప్పకండి. జాబ్ షీట్ మీద ఏం పోయిందో రాసి సంతకం పెట్టమనండి. కాగితం లేదంటే, అతను అన్న మాట అతను ఉండగానే చాట్‌లో టైపు చేసి పంపేయండి. ఈవిడ చెప్పేశారు కాబట్టి 16నే చాట్‌లో ఒక్క వాక్యం రాయించాను: పని కాలేదు, టెక్నీషియన్ కంప్రెసర్ మార్చాలన్నాడు, టికెట్ మూయడానికి నేను ఒప్పుకోలేదు. అంతే. రోజూ కొత్త టికెట్ తెరవకండి. తెరిచిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది, పాత టికెట్లన్నీ పరిష్కారమైనట్టు లెక్కలో చేరతాయి.

చాట్ తరవాతి మెట్టు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్. 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి కంపెనీ ఈ ఆఫీసర్ పేరు, హోదా, సంప్రదించే వివరాలు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. యాప్‌లో ఇది అడుగున, నియమాలూ షరతుల పేజీల మధ్య ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి. అక్కడ ఫారమ్, మెయిల్ రెండూ ఉంటే నేనైతే మెయిలే ఎంచుకుంటాను, ఎందుకంటే ఫారమ్ నింపి నొక్కాక మనం ఏం రాశామో మన దగ్గర మిగలదు. ఫారమ్ తప్ప వేరే దారి లేకపోతే నొక్కే ముందు స్క్రీన్‌షాట్, నొక్కాక వచ్చే నంబరుకి ఇంకో స్క్రీన్‌షాట్.

మెయిల్‌లో బాధలు రాయకండి. మీరు పంపిన ఒక మెయిల్‌లో ఇంటికొచ్చిన చుట్టాల ముందు పరువు పోయిన సంగతి రెండు పేరాలుంది, ఆర్డర్ నంబరు లేదు! ఆవిడ చేత జూన్ 18న పంపించింది ఇంత:

"ఆర్డర్ నంబరు ఇది, బిల్లు జత చేశాను. జూన్ 3న అందిన ఫ్రిజ్ మొదటి రోజు నుంచీ చల్లబడటం లేదు. జూన్ 9న వచ్చిన మీ టెక్నీషియన్ కంప్రెసర్ పాడైందన్నారు. పని జరగకుండానే జూన్ 16న టికెట్ మూసేశారు. ఫ్రిజ్ వెనక్కి తీసుకుని 24,500 రూపాయలు తిరిగి ఇవ్వండి. నెలలోగా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను."

ఇంగ్లీషులో రాస్తే ఇంత చిన్న వాక్యాలతోనే రాయండి, గ్రామర్ ఎవరూ చూడరు. అడిగేది ఒక్కటే ఉండాలి. మార్చండి, లేదా డబ్బివ్వండి, లేదా రిపేరైనా చేయండి అని మూడూ అడిగితే వాళ్లకి తేలికైనదే దొరుకుతుంది. ఆ తరవాత వాళ్లు ఫోన్ చేస్తారు, మెయిల్‌కి మెయిల్‌లో జవాబివ్వడం వాళ్లకి ఇష్టముండదు. మాట్లాడండి, పెట్టేయగానే అదే మెయిల్ కింద "ఇవాళ 11.20కి మీ దగ్గర్నుంచి కాల్ వచ్చింది, వారంలో పికప్ అన్నారు" అని రాసి పంపండి. నోటిమాట కాగితం మీదకి ఎక్కించే పద్ధతి నాకు తెలిసి ఇదొక్కటే తేలిక.

నెల గడిచింది, ఏమీ రాలేదు. జూలై 19న ఆవిడ 1915కి ఫోన్ చేశారు. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. consumerhelpline.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు, నేను అదే చేయమంటాను, కాగితాలు జతచేసే వీలుంటుంది కాబట్టి. వాళ్లు ఫిర్యాదుని కంపెనీకి పంపి సమాధానం రాబడతారు. చాలా కేసులు ఇక్కడే తెమిలిపోతాయి. కానీ హెల్ప్‌లైన్‌కి ఆర్డర్ వేసే అధికారం లేదు. కంపెనీ "మా తప్పు లేదు" అని రాసేస్తే అక్కడితో సరి. ఆ జవాబు కూడా దాచండి. వాళ్లు ఏ సాకు చెప్పబోతున్నారో ముందే తెలిసిపోతుంది. ఈవిడ విషయంలో "కస్టమర్ ఓటీపీతో ధ్రువీకరించారు" అని రాశారు, అనుకున్నట్టే. దానికి 16వ తేదీ చాట్ వాక్యమే జవాబు.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ బెంగళూరులో ఉంది, అక్కడికెళ్లి కేసు వేయాలా అని చాలామంది టెన్షన్ పడుతున్నారు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే చోటే వేయొచ్చు. నరసన్నపేటావిడకి శ్రీకాకుళం, బొబ్బిలివాళ్లకి విజయనగరం. e-jagriti.gov.in లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. వస్తువుకి మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నష్టపరిహారం ఎంత అడిగారన్నది కాదు, కట్టిన ధర చూస్తారు.

కేసు ఎవరి మీద వేయాలన్న దగ్గర జాగ్రత్త. యాప్ కంపెనీ ఒక్కదాని మీద వేస్తే "మేం మధ్యవర్తులం, అమ్మినవాడు వేరు" అంటుంది. బిల్లు తీసి `Sold By` పక్కన ఎవరి పేరుందో చూడండి. ఆ అమ్మకందారుని, యాప్ కంపెనీని, తయారీ లోపం కాబట్టి ఫ్రిజ్ కంపెనీని, ముగ్గుర్నీ పెట్టాలి. బిల్లు పీడీఎఫ్ ఇవాళే దింపుకోండి, కార్డుబోర్డు పెట్టె మీద అంటించిన సీరియల్ నంబరు స్టిక్కర్‌ని పెట్టె పారేసే ముందే ఫొటో తీయండి.

గడువు రెండేళ్లు. గొడవ మొదలైన రోజు నుంచి లెక్క, 1915లో ఫిర్యాదు నడుస్తోందని అది ఆగదు. చూద్దాం చూద్దాం అని మెయిళ్లు రాసుకుంటూ కూర్చుంటే గడువు దాటిపోతుంది, ఆలస్యానికి కారణం చూపించి కమిషన్‌ని ఒప్పించడం మళ్లీ వేరే పని.

అభ్యాసం. కొత్త గొడవ కోసం చూడకండి, మీ ఫోన్‌లో ఏదో ఒక పాత ఆర్డర్ తీసుకోండి, తేడా వచ్చిందైతే మరీ మంచిది. ఒక్క పేజీలో తేదీల పట్టిక రాయండి: ఎడమ పక్క తేదీ, మధ్యలో ఏం జరిగిందో ఒక్క వాక్యం, కుడి పక్క దానికి రుజువుగా ఉన్న ఫైలు పేరు. ఫైలు లేని వరస ఉంటే కొట్టేయకండి, ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీలతోనే పంపండి. అఫిడవిట్ రాసే పాఠంలో వాటితోనే మొదలుపెడతాను. కత్తిరించిన స్క్రీన్‌షాట్ వచ్చిందంటే తిరిగి పంపించేస్తాను.